నివాళి వ్యాసానికి మొదటి అక్షరం ఎలా పెట్టాలి? డ్రాప్ క్యాప్ శైలి మీద సలహా కావాలి

కొత్తకూర్పు

అందరికీ నమస్కారం. మా సాహితీ మిత్రులు కలిసి తెస్తున్న త్రైమాసిక పత్రికకు పేజీలు కూర్చే పని నేను చూస్తున్నాను. ఏ4 సైజు, రెండు కాలమ్‌లు, ఒక్కో కాలమ్ వెడల్పు 80 మిల్లీమీటర్లు. వ్యాసాల అక్షరం 12 పాయింట్లు, లీడింగ్ 18 పాయింట్లు. ఫాంటు నోటో సెరిఫ్ తెలుగు. లోపలి పేజీలన్నీ నలుపు ఒక్కటే, రెండో రంగు లేదు. కూర్పు ఇన్‌డిజైన్‌లో.

వచ్చే సంచికలో మూడు రచనలకు మొదటి అక్షరం పెద్దది పెట్టాలనుకుంటున్నాం. ఒకటి, ఈ మధ్య కన్నుమూసిన ఒక తోలుబొమ్మలాట కళాకారుడికి ఆయన శిష్యుడు రాసిన నివాళి. రెండోది పాపికొండల లాంచీ ప్రయాణం. మూడోది పెళ్లి భోజనాల మీద హాస్య వ్యాసం. ఇంతవరకు అన్నిటికీ ఒకే పద్ధతి ఉండేది: మూడు వరుసల లోతు, లావు అక్షరం, చుట్టూ లతల చట్రం. నివాళి పేజీలోనూ అదే పెట్టి చూపిస్తే, శుభలేఖలా ఉందని మా సంపాదకురాలు అన్నారు. పేజీని పక్కన పెట్టి చూస్తే నాకూ అలాగే అనిపించింది.

ఆ నివాళి "శ్రావణ మాసం రాకముందే చావడి దగ్గర తెర కట్టేవాళ్లు" అని మొదలవుతుంది. అంటే మొదటి అక్షరం శ్రా. చట్రం తీసేసి మామూలు డ్రాప్ క్యాప్ పెడితే, కింద ఉన్న క్రావడి నాలుగో వరుస అక్షరాల మీదికి వచ్చి పడుతోంది. దాని ఎడమ కొస కాలమ్ అంచు దాటి బయటికి కూడా పొడుచుకు వస్తోంది.

నా ప్రశ్నలు రెండు. వ్యాసం స్వభావానికి తగిన శైలిని మీరు దేన్ని బట్టి ఎంచుకుంటారు? ఈ శ్రాను ఏం చేయాలి?

---

రంగులకలం

చేత్తో రాయించండి. నివాళికి కంప్యూటర్ అక్షరాలు ఎప్పటికీ నప్పవు. వెడల్పు పాళీతో నల్ల సిరాలో నెమ్మదిగా రాసిన పేరు పేజీకి గాంభీర్యం ఇస్తుంది. ఒక గీతను కావాలనే కొంచెం పొడిగా వదిలితే ఇంకా బాగుంటుంది. మీ ఊళ్లో సైన్‌బోర్డులు రాసే పాత చేతులు ఎవరైనా ఉంటే అడగండి, సంతోషంగా రాసిస్తారు.

---

కొత్తకూర్పు

రంగులకలం గారూ, ధన్యవాదాలు. నేను అడిగింది వ్యాసం పేరు గురించి కాదండీ. పేరు కింద అసలు పాఠం మొదలయ్యే చోట వచ్చే పెద్ద అక్షరం గురించి. పేరును చేత్తో రాయించే ఆలోచన మాత్రం సంపాదకురాలికి చెబుతాను.

---

మూడువరుసలు

దీనికి ఇంత ఆలోచన అక్కర్లేదు. డ్రాప్ క్యాప్ అంటే మూడు వరుసలు. పత్రిక మొత్తం అదే ఉండాలి, లేకపోతే పాఠకుడికి అది ఒక పత్రికలా అనిపించదు. చట్రం తీసేయండి, అది పాతబడింది. నివాళి కాబట్టి అక్షరాన్ని 30 శాతం బూడిద రంగు చేయండి, విషాదం దానంతట అదే వస్తుంది.

వత్తు సమస్యకు ఇన్‌డిజైన్‌లోనే మందు ఉంది. `Drop Caps and Nested Styles` పెట్టెలో `Scale for Descenders` మీద టిక్ పెట్టండి. కిందికి వేలాడేదంతా లోపలికి సర్దుకుంటుంది. అక్కడే ఉన్న `Align Left Edge` కూడా పెడితే ఎడమ అంచు సరిపోతుంది. అక్షరాల సంఖ్య 1 చాలు, శ్రా ఒక్క అక్షరమే కదా.

---

కొలతబద్ద

మూడువరుసలు గారు చెప్పినదాంట్లో చట్రం తీసేయమన్న మాట సరైనదే. `Align Left Edge` కూడా ఉపయోగపడుతుంది. తెలుగు అక్షరాలకు ఎడమవైపు గుండ్రంగా ఉండేవి ఎక్కువ. పెద్ద సైజులో ఆ గుండ్రం, దాని పక్కనుండే సహజమైన ఖాళీ కలిసి అక్షరం లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది. ఆ టిక్ ఖాళీని తీసేస్తుంది. క్రావడి ఉన్న అక్షరానికి మాత్రం తిరగబడవచ్చు. క్రావడి కొసను అంచుకు చేరిస్తే శ ఒళ్లు లోపలికి పోతుంది. శ ఒళ్లును అంచుకు చేరిస్తే కొస బయటికి వస్తుంది. నా ఓటు రెండోదానికి. కన్ను అంచును ఒళ్లుతోనే పోల్చుకుంటుంది. సన్నటి కొస రెండు పాయింట్లు మార్జిన్‌లోకి వెళ్లినా వంకరగా అనిపించదు.

`Scale for Descenders` విషయంలో మాత్రం ఒప్పుకోలేను. మీ కొలతలతోనే లెక్క వేద్దాం. ఫాంటును బట్టి అంకెలు కొంత మారతాయి కాబట్టి 12 పాయింట్ల శ్రాను పెద్దది చేసి మీ తెర మీద ఒకసారి కొలుచుకోండి. అక్షరం ఒళ్లు ఆధారరేఖ నుంచి పై అంచు దాకా ఏడున్నర పాయింట్లు, వత్తు కిందికి దిగింది నాలుగు పాయింట్లు అనుకుందాం. మూడు వరుసల డ్రాప్ క్యాప్‌లో ఒళ్లు అడుగు మూడో వరుస ఆధారరేఖ మీద నిలవాలి, తల మొదటి వరుస అక్షరాల తలతో కలవాలి. అంటే ఎత్తు రెండు లీడింగులు, దానికి ఒక ఒళ్లు కలిపితే 43.5 పాయింట్లు. ఆ ఎత్తు రావాలంటే అక్షరం సైజు దాదాపు 70 పాయింట్లు కావాలి. 70 పాయింట్లలో వత్తు 23 పాయింట్లు కిందికి దిగుతుంది. మీ లీడింగ్ 18. అందుకే అది నాలుగో వరుసను దాటి ఇంకో అయిదు పాయింట్లు పోతోంది.

ఇప్పుడు ఆ టిక్ పెట్టారనుకోండి. ఒళ్లు, వత్తు రెండూ కలిసి ఆ 43.5 పాయింట్లలోనే ఇమడాలి. అక్షరం సైజు 45 పాయింట్లకు పడిపోతుంది, ఒళ్లు ఎత్తు 28 అవుతుంది. మూడో వరుస పక్కన వత్తు మాత్రమే మిగులుతుంది. అక్షరం ఏ వరుస మీదా కూర్చోక గాలిలో ఉంటుంది. అదే సంచికలో పాపికొండల వ్యాసం "గోదావరి" అని మొదలైతే దాని గో 70 పాయింట్లలో వస్తుంది. రెండూ ఒకే శైలి అని ఎవరూ అనుకోరు. పత్రికంతా ఒకేలా ఉండాలని మూడువరుసలు గారు కోరుకున్నది సరిగ్గా ఇక్కడే దెబ్బతింటుంది.

ఆ టిక్ ఇంగ్లీషులో g, y లాంటి కొద్ది అక్షరాల కోసం ఉద్దేశించినది. మనకు వత్తు అరుదైన విషయం కాదు.

---

మూడువరుసలు

లెక్క బాగుంది. కానీ నేను ఏళ్లుగా ఆ టిక్ పెట్టే కూరుస్తున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. స్కేలు పెట్టి కొలిచే పాఠకుడు ఎక్కడున్నాడు?

---

ప్రూఫుచూపు

కొలవడు కానీ ఆగుతాడు. ప్రూఫు చూసే నాకు ఇది ప్రతి సంచికలో ఎదురవుతుంది. పెద్ద శ్రా ఒకచోట, మిగిలిన "వణ" ఇంకోచోట ఉంటే కన్ను వాటిని రెండు మాటలుగా చదువుతుంది. పెద్ద అక్షరం ఏ వరుసకు చెందిందో తెలియాలంటే దాని తల, మొదటి వరుస తల ఒకే గీత మీద ఉండాలి. ఆ కలయిక చెడితే "వణ మాసం" అనే చదువుతారు. ఇంగ్లీషు పత్రికల్లో పెద్ద అక్షరం తరవాత నాలుగైదు మాటలు చిన్న క్యాపిటల్స్‌లో పెట్టి ఆ అతుకు వేస్తారు. మనకు ఆ వసతి లేదు. మనం చేయగలిగింది మొదటి వరుసలో మిగిలిన మాటను అక్షరానికి దగ్గరగా జరపడం. రెండో వరుస, మూడో వరుస కాస్త దూరంగా ఉన్నా పరవాలేదు, మొదటి వరుస మాత్రం అంటుకున్నట్టే ఉండాలి.

మొదటి మాటను బోల్డ్ చేసి అతుకు వేసేవాళ్లు కొందరున్నారు. హాస్యానికి సరే. నివాళిలో అది గొంతు పెంచినట్టు ఉంటుంది, నేనైతే కొట్టేస్తాను.

---

అచ్చుగది

బూడిద రంగు మాట వచ్చింది కాబట్టి ప్రెస్సు వైపు నుంచి ఒక మాట. ఒకే నలుపుతో అచ్చువేస్తే 30 శాతం బూడిద అనేది వేరే సిరా కాదు, చిన్న చిన్న నల్ల చుక్కలు. నిండు నలుపు అక్షరానికి అంచు పదునుగా వస్తుంది. 30 శాతం అక్షరానికి అంచు చుక్కలతో ఏర్పడుతుంది. ఆర్ట్ పేపరు మీద అంగుళానికి 150 వరుసల స్క్రీన్ అయితే లావు గీతలో ఆ తేడా పెద్దగా తెలియదు. న్యూస్‌ప్రింట్ లాంటి కాగితం మీద 85, 100 వరుసల స్క్రీన్ వాడతారు. అక్కడ తలకట్టు కొస, వత్తు తోక లాంటి సన్న గీతలు చుక్కచుక్కగా తెగిపోతాయి. అక్షరం బూజు పట్టినట్టు కనిపిస్తుంది.

కొత్తకూర్పు గారూ, మీ కాగితం ఏమిటో చెప్పండి. మ్యాప్‌లిథో అయితే నేను బూడిద వద్దంటాను. పెట్టి తీరాలనుకుంటే 60 శాతం పైన, లావు అక్షరానికి మాత్రమే.

---

కొత్తకూర్పు

లోపలి పేజీలు 80 జీఎస్‌ఎం మ్యాప్‌లిథోనే. అయితే బూడిద వదిలేస్తాను. కానీ నిండు నలుపులో 70 పాయింట్ల అక్షరం పేజీ మీద నల్లటి ముద్దలా పడుతోంది. నివాళికి అదే ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది.

---

కొలతబద్ద

దానికి కారణం రంగు కాదండీ, గీత లావు. 12 పాయింట్ల అక్షరాన్ని 70కి పెంచినప్పుడు గీత కూడా దాదాపు ఆరు రెట్లు లావెక్కుతుంది. పక్కనున్న పాఠం గీత మాత్రం అలాగే ఉంటుంది. పాఠానికి రెగ్యులర్ వాడితే పెద్ద అక్షరానికి అదే కుటుంబంలోని లైట్ వాడండి. నోటో సెరిఫ్ తెలుగులో బరువులు చాలా ఉన్నాయి కాబట్టి మీకు వేరే ఫాంటు వెతికే పని లేదు. బూడిదతో మీరు కోరుకున్న నెమ్మది సన్న గీతతో వస్తుంది, అంచు కూడా పదునుగా ఉంటుంది.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు కూడా ఇక్కడే ఉంది. వ్యాసం స్వభావాన్ని అక్షరంలోకి తెచ్చేది నగిషీ అని చాలామంది అనుకుంటారు. నేను మూడింటిని చూస్తాను: గీత బరువు, అక్షరం ఎంత లోతుకు దిగింది, దాని చుట్టూ ఎంత ఖాళీ ఉంది. బరువైన గీత, పాఠంలోకి లోతుగా దిగిన అక్షరం, తక్కువ ఖాళీ ఉంటే పాఠకుడిని చెయ్యి పట్టి లోపలికి లాగినట్టు ఉంటుంది. మీ పెళ్లి భోజనాల వ్యాసానికి అది సరిపోతుంది. రామభద్ర లాంటి లావు ఫాంటులో నాలుగు వరుసల అక్షరం పెట్టినా తప్పులేదు. ప్రయాణ వ్యాసానికి పాఠం ఫాంటే, మూడు వరుసలు, లైట్ బరువు. గోలో ఓత్వం పైకి లేస్తుంది. దాన్ని మొదటి వరుస పైకి పోనివ్వండి, ఒళ్లు తలను మాత్రం వరుస తలతో కలపండి.

నివాళికి అక్షరం పాఠంలోకి దిగనే అక్కర్లేదు. మొదటి వరుస ఆధారరేఖ మీదే నిలబెట్టి పైకి లేపండి. కొందరు దీన్ని రైజ్డ్ క్యాప్ అంటారు. పైన ఖాళీ దానంతట అదే వస్తుంది, పాఠం వరుసలు ఏవీ చెదరవు. అందులోనూ వత్తు లెక్క తప్పదు. మీ కొలతల ప్రకారం వత్తు అక్షరం సైజులో మూడో వంతు కిందికి దిగుతోంది. రెండో వరుస అక్షరాల తల మొదటి ఆధారరేఖకు పదిన్నర పాయింట్ల కింద ఉంది. అక్షరం 36 పాయింట్లయితే వత్తు 12 దిగి తగులుతుంది. 30 అయితే 10 దగ్గర ఆగుతుంది. కాబట్టి మీకు 30. కింద సరిగ్గా ఆ చోటనే గుడి, గుడిదీర్ఘం ఉన్న అక్షరం పడితే అప్పటికీ తగులుతుంది. ప్రూఫులో ఆ ఒక్క చోటు చూసుకుని, అవసరమైతే మొదటి వరుసలో ఒక మాటను అటూ ఇటూ జరిపితే పోతుంది.

---

బాలసంచిక

మా అనుభవం ఇందుకు పూర్తిగా వేరు. మేము పిల్లల పత్రిక కూరుస్తాం. ప్రతి పేరాకూ పెద్ద అక్షరం పెడతాం, లోపల పువ్వులు, పిట్టలు. పిల్లలు ముందు ఆ అక్షరాలనే వేలితో చూపించి చదువుతారు. మీరు ఇన్ని నియమాలు పెట్టుకుంటే పత్రిక వెలవెలబోతుంది. కథకు పది పెద్ద అక్షరాలున్నా ఏ తల్లీ ఏ తండ్రీ ఫిర్యాదు చేయలేదు. మా దగ్గర సమస్యల్లా ఒకటే. ఎదురెదురు పేజీల్లో పెద్ద అక్షరాలు ఒకే ఎత్తులో పడితే పిల్లలు వాటిని కలిపి ఒక మాటగా చదివేస్తారు. ఒకసారి వరసగా వచ్చినవి కలిపితే తిట్టు అయింది. అప్పటినుంచి పేజీలు జతగా పరిచి చూసిగానీ ప్రెస్సుకు పంపం.

---

ప్రూఫుచూపు

బాలసంచిక గారూ, అక్షరాలు నేర్చుకునే వయసుకు అది సరైన పనే, అక్కడ అక్షరమే బొమ్మ. పెద్దల పత్రికలో మాత్రం పెద్ద అక్షరం ఇక్కడ మొదలుపెట్టు అని చెప్పాలి. పేజీలో పది చోట్ల అదే చెబితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఎదురెదురు పేజీల మాట మాత్రం అందరికీ పనికొస్తుంది. పెద్దల పత్రికల్లోనూ దాన్ని చూడకుండా వదిలేస్తారు.

లతల చట్రం గురించి ఒక చిన్న సంగతి. గుటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిల్ అచ్చువేసినప్పుడు మొదటి అక్షరాల చోటు ఖాళీగా వదిలితే చిత్రకారులు చేత్తో నింపేవారు. 1457లో మెయింజ్‌లో వచ్చిన కీర్తనల గ్రంథంలో ఆ అక్షరాలు రెండు రంగుల్లో అచ్చులోనే వచ్చాయి. విలియం మోరిస్ 1891లో కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం పెట్టి లతల మధ్య అక్షరాలను మళ్లీ ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే చట్రాలు ఎక్కువగా ఆ వంశానివే. అవి చతురస్రాలు, లోపల పట్టాల్సింది కిందికీ పైకీ కొమ్మలు వేయని ఇంగ్లీషు పెద్దబడి అక్షరం. అందులో క, గ, మ పడతాయి. శ్రాను దూర్చాలంటే ఒళ్లు బాగా కుదించాలి. చట్రం మీద అంత ప్రేమ ఉంటే, తెలుగు అక్షరం కొలతకు నిలువుగా పొడవైన చట్రం గీయించుకోవాలి.

---

పాతపేజీ

మేము ఇప్పటికీ పేజీమేకర్, అను ఫాంట్లే. `Drop cap` ప్లగిన్ ఇస్తే శ్రాలో సగమే పెద్దదవుతోంది, వత్తు చిన్నగా పక్కకు పోతోంది. ఎందుకు?

---

కొలతబద్ద

అను ఫాంట్లలో ఒళ్లు, తలకట్టు, దీర్ఘం, వత్తు వేరువేరు గుర్తులుగా ఉంటాయి. ఒక్క గుర్తే పెద్దది చేయమని చెబితే ఒక్కదాన్నే చేస్తుంది. ఆ అక్షరాన్ని విడిగా ఒక టెక్స్ట్ బ్లాకులో పెట్టి చుట్టూ పాఠాన్ని జరుపుకోవడమే మీకు సులువు.

యూనికోడ్‌లోనూ మూడువరుసలు గారు అన్నట్టు 1 చాలు అని ధీమాగా ఉండకండి. శ్రా మన కంటికి ఒక అక్షరం, కంప్యూటర్‌లో నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, దీర్ఘం. ఏ సాఫ్ట్‌వేరు ఎలా లెక్కిస్తుందో దాని వెర్షన్‌ను బట్టి ఉంటుంది. అక్షరం పూర్తిగా పెద్దదయ్యే దాకా సంఖ్య పెంచి, కంటితో చూసి ఆపండి. పేరాగ్రాఫ్ కంపోజర్ `Adobe World-Ready Paragraph Composer`గా ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే వత్తులు అసలు కూడవు.

---

వెబ్‌కూర్పు

ఇదే పాఠాన్ని మీ వెబ్‌సైటులో కూడా పెడతారా? పెడితే రెండు జాగ్రత్తలు.

అక్షరాన్ని విడి ఫ్రేములో పెట్టి చుట్టూ పాఠం జరిపిన పేజీ నుంచి వ్యాసాన్ని కాపీ చేస్తే "వణ మాసం" అనే వస్తుంది. శ్రా వేరే ఫ్రేములో ఉండిపోతుంది. వెతుకులాటలో "శ్రావణ" అని కొడితే ఆ వ్యాసం దొరకదు.

రెండోది, వెబ్‌లో `::first-letter`ను నమ్ముకోవద్దు. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం తెలుగుకు యూనికోడ్‌లో చేరింది 2023లో, 15.1 వెర్షన్‌తో. అంతకుముందు పద్ధతిలో నడిచే బ్రౌజరు శ్, రాల మధ్య కోత పెట్టవచ్చు. అప్పుడు పొల్లుతో శ్ పెద్దగా, రా చిన్నగా కనిపిస్తాయి. `initial-letter` అనే కొత్త లక్షణాన్ని క్రోమ్ 110 నుంచి అర్థం చేసుకుంటుంది, సఫారీకి ముందు `-webkit-` కావాలి, అన్ని బ్రౌజర్లలో లేదు. అందుకే నేను అక్షరాన్ని చేత్తోనే చుడతాను:

```html
<p><span class="modati">శ్రా</span>వణ మాసం రాకముందే…</p>
```

```css
.modati { font-size: 2.5em; font-weight: 300; line-height: 1; }
```

ఇది పైకి లేచిన అక్షరానికి. పాఠంలోకి దించాలంటే `float: left` కలపాలి. ఫోను తెర మీద మాత్రం దించకండి. అంత ఇరుకులో పక్కన రెండు మాటలే మిగులుతాయి.

---

కొలతబద్ద

ఆ ఇరుకు అచ్చులోనూ ఉంది. 70 పాయింట్ల శ్రా వెడల్పు రమారమి 22 మిల్లీమీటర్లు. కొత్తకూర్పు గారి 80 మిల్లీమీటర్ల కాలమ్‌లో ఇంకా 58 మిగులుతుంది, నాలుగు మాటలు పడతాయి. అదే మూడు కాలమ్‌ల పేజీలో కాలమ్ 52 మిల్లీమీటర్లే ఉంటే 30 మిగులుతుంది. మన మాటలు పొడుగు, మధ్యలో విరవడం అలవాటు లేదు. రెండు మాటల మధ్య ఖాళీ గుంటలు పడతాయి. మూడు కాలమ్‌లలో నేను రెండు వరుసలకు మించి దించను.

---

మూడువరుసలు

సరే, నివాళికి పైకి లేపమన్నారు. 30 పాయింట్లంటే పక్కనున్న 12 పాయింట్ల పాఠానికి రెండున్నర రెట్లే. పేజీలో ఎవరికీ కనిపించదు. నేనైతే మూడు వరుసల అక్షరం ఉంచి, దాని కోసం నాలుగు వరుసలు లోపలికి జరుపుతాను. వత్తు నాలుగో వరుస ఖాళీలో హాయిగా కూర్చుంటుంది.

---

కొలతబద్ద

అది మంచి పద్ధతే, మీరు చెప్పిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 23 పాయింట్ల వత్తు అయిదో వరుస తలకు అయిదు పాయింట్ల పైన ఆగుతుంది, కాబట్టి పడుతుంది. చేయడమే కొంచెం పని. వరుసల సంఖ్య 4 పెట్టి, అక్షరం సైజు తగ్గించి, బేస్‌లైన్ షిఫ్ట్‌తో ఒళ్లును మూడో వరుస మీదికి ఎత్తాలి. పాఠంలోనే ఉంటుంది కాబట్టి వెబ్‌కూర్పు గారు చెప్పిన కాపీ సమస్య రాదు. దీర్ఘం కొస కింద, వత్తు పక్కన నాలుగో వరుసలో ఒక తెల్లని మూల మిగులుతుంది. ప్రయాణ వ్యాసంలో అయితే దాన్ని పట్టించుకోను. నివాళి పేజీలో ఆ మూల నాకు కనిపిస్తూనే ఉంటుంది. మీకు కనిపించకపోవచ్చు.

---

కొత్తకూర్పు

రెండు రకాలూ మ్యాప్‌లిథో మీద లేజర్ ప్రింటు తీసి గోడకు అంటించి చూశాం. 30 పాయింట్ల లైట్ శ్రా, పేరుకూ పాఠానికీ మధ్య ఆరు వరుసల ఖాళీతో ఒకటి. మూడు వరుసల అక్షరం, నాలుగు వరుసల జరుపుతో ఇంకొకటి. పేజీ తిప్పగానే మొదట కంటపడింది రెండోది, మూడువరుసలు గారు అన్నది అంతవరకు నిజం. కానీ నివాళిలో వ్యాసం పైన కళాకారుడి ఫొటో ఉంది. రెండోదాంట్లో కన్ను ఫొటో దగ్గర ఆగకుండా అక్షరం మీదికి దూకుతోంది. మొదటిదాంట్లో ఫొటో, పేరు, ఖాళీ, ఆ తరవాత అక్షరం అనే వరసలో దిగుతోంది. సంపాదకురాలు మొదటిదే ఖాయం చేశారు.

కింది వరుసలో వత్తు పడే చోట "చిన్న"లోని చి వచ్చి గుడి తగిలింది. మొదటి వరుసలో మాటల మధ్య ఖాళీ కాస్త బిగిస్తే జరిగిపోయింది.

పాపికొండలకు గో మూడు వరుసలు, పాఠం ఫాంటు లైట్. హాస్య వ్యాసానికి రామభద్రలో నాలుగు వరుసలు పెట్టాం. అది "ఉలవచారు" అని మొదలవుతుంది కాబట్టి వత్తు గొడవ లేదు. ఇదే సంచికలో ఒక ఇంటర్వ్యూ కూడా ఉంది. దాంట్లో ప్రతి ప్రశ్నకూ పెద్ద అక్షరం పెట్టాలా?

---

ప్రూఫుచూపు

ఇంటర్వ్యూలో పరిచయ పేరాకు ఒక్కటి చాలు. ప్రశ్నలకు వద్దు. అక్కడ ఎవరు మాట్లాడుతున్నారో చూపించే పని బోల్డ్ ఇప్పటికే చేస్తోంది. పరిచయం ఉల్లేఖన చిహ్నంతో మొదలైతే ఆ చిహ్నాన్ని 70 పాయింట్లకు పెంచకండి. చిన్నదిగానే ఉంచి మార్జిన్‌లోకి జరపండి.

---

రంగులకలం

ఇంత లెక్క చూశాక అడుగుతున్నాను. శ్రాతో ఇంత తిప్పలు పడేకన్నా రచయితకు ఫోను చేసి మొదటి వాక్యాన్ని "చావడి దగ్గర తెర కట్టేవాళ్లు" అని మొదలుపెట్టమంటే సరిపోదా? చా అక్షరం కింద ఏమీ లేదు.

---

ప్రూఫుచూపు

ఒప్పుకోను. ఆ వ్యాసం శ్రావణంతో మొదలైంది, ఆ శిష్యుడి జ్ఞాపకంలో ముందు వచ్చింది ఆ నెలే. కూర్పు కోసం వాక్యాన్ని తిప్పితే మనం అతని పనిలో చెయ్యి పెట్టినట్టు.

---

మూడువరుసలు

పత్రికల్లో రోజూ జరిగేదే ఇది. పేజీలో పట్టకపోతే చివరి పేరా కోస్తాం, దానికి ఎవరూ రచయితను అడగరు. మొదటి మాట మార్చడానికి అడిగి మారుస్తాం కదా, అది ఇంకా మర్యాద.

---

కొలతబద్ద

హాస్య వ్యాసమైతే నేనూ అడిగేవాణ్ని, అడిగాను కూడా, రచయితలు చాలామంది సరేనన్నారు. నివాళికి అడగను. 30 పాయింట్లలో ఆ అక్షరం ఎలాగూ నిలబడింది కదా. కొత్తకూర్పు గారూ, ప్రెస్సుకు పంపేముందు పీడీఎఫ్‌లో లైట్ ఫాంటు కూడా ఎంబెడ్ అయిందో లేదో చూడండి. `Document Properties`లో `Fonts` తెరిస్తే జాబితా కనిపిస్తుంది. ఒకటి రెండు అక్షరాలకే వాడిన ఫాంటు కాబట్టి, లేకపోయినా ఎవరి దృష్టికీ రాదు. ప్లేటు మీద వేరే ఫాంటుతో పడ్డాక తెలుస్తుంది.

---

కొత్తకూర్పు

చూశాను, జాబితాలో ఉంది. రేపు ప్లేట్లకు వెళ్తోంది.